ఆ బిల్లులో ఈ నెల కరెంటు ఎంత?

కరెంటు బిల్లు ఫోటో పంపి "ఇంత ఎందుకు వచ్చింది?" అని అడిగేవాళ్లకు మన దగ్గర మూడు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఎండాకాలం కదా, ఏసీ ఎక్కువ వాడి ఉంటారు. మీటరు పరుగెత్తుతోంది, మార్పించండి. రేట్లు పెంచేశారు, ఏం చేస్తాం. ఈ మూడింటిలో ఏది చెప్పడానికైనా ఫోటో తెరిచి చూడాల్సిన పని లేదు. నా అభ్యంతరం అక్కడే. ఒక మనిషి కాగితాన్ని ఫోటో తీసి మరీ పంపిందంటే, ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పమని అడుగుతోంది. వాతావరణం గురించీ ప్రభుత్వం గురించీ మన అభిప్రాయం ఆమెకు అక్కర్లేదు.

చిత్తూరులో విద్యుత్ బిల్లింగ్ విభాగంలో చాలాకాలం పనిచేశాను. అందువల్ల చుట్టాల నుంచీ ఇరుగుపొరుగు నుంచీ ఇలాంటి ఫోటోలు వస్తూనే ఉంటాయి. వాటిలో 2023 జూన్ నాటి ఒక బిల్లు గురించి వివరంగా రాస్తాను. ఆ నెలలో మన రాష్ట్రంలో బిల్లులు చూసి బెంబేలెత్తినవాళ్లు చాలామంది. ఆ బిల్లును సరిగ్గా చదివితే, ఏ బిల్లునైనా ఏ వరుసలో చదవాలో తెలుస్తుంది.

పంపింది మా వదినగారి కూతురు. తిరుపతి కొర్లగుంటలో అద్దెకు ఉంటుంది, ప్రైవేటు బడిలో టీచరు. ఆ ఏడాది జనవరిలోనే ఆ ఇంట్లో చేరారు. "చిన్నాన్నా, పోయిన నెల 971 కట్టాం. ఈసారి 2,226 వచ్చింది. ఎందుకింత?" అంతే రాసింది. కుటుంబ గ్రూపులో అప్పటికే "ఏసీ తగ్గించండమ్మా" అని ఇద్దరు హితవు చెప్పారు. వాళ్లింట్లో ఏసీయే లేదు. ఉన్నది ఒక కూలరు.

ఫోటో చూడగానే నేను చేసిన మొదటి పని లెక్క వేయడం కాదు, కాగితం అంతా ఫోటోలో ఉందో లేదో చూడడం. చేతి యంత్రం నుంచి వచ్చే ఆ పొడవాటి బిల్లును జనం సాధారణంగా సగమే ఫోటో తీస్తారు. పైభాగంలో పేరు, సర్వీసు నంబరు, పెద్ద అక్షరాల్లో మొత్తం ఉంటాయి కాబట్టి అదే ముఖ్యమనుకుంటారు. జవాబు మాత్రం మధ్యలోనూ కిందా ఉన్న సన్నని వరుసల్లో ఉంటుంది. ఆమె పంపిన ఫోటోలో కింది భాగం మడత పడి ఉంది. చదును చేసి, వెలుతురు పడేలా మళ్లీ తీసి పంపమన్నాను. దానితోపాటు పోయిన నెల బిల్లు ఫోటో కూడా అడిగాను. ఒక్క బిల్లును చూసి అది ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పలేరు. ఎక్కువ అనే మాటకు పక్కన ఇంకొకటి ఉండాలి. పాత బిల్లు దొరకకపోతే అదైనా చెప్పి, "ఇంతవరకే చెప్పగలను" అనడం మర్యాద. ఊహించి పూరించకూడదు.

రెండు ఫోటోలూ వచ్చాక నేను వేసుకున్న ప్రశ్న ఒకటే. ఈ 2,226లో ఈ నెల వాడిన కరెంటుకు సంబంధం లేని డబ్బు ఎంత? ముందు దాన్ని విడదీయాలి. చాలామంది యూనిట్లతో మొదలుపెట్టి అక్కడే ఇరుక్కుపోతారు.

అడుగున ఏసీడీ అని ఒక వరుస, దాని ఎదురుగా 740 రూపాయలు. కనెక్షన్‌కు ఉండాల్సిన సెక్యూరిటీ డిపాజిట్‌లో తక్కువ పడిన మొత్తం అది. ఆ ఇంటి సగటు నెల బిల్లుకు రెండింతలు పంపిణీ సంస్థ దగ్గర డిపాజిట్‌గా ఉండాలన్నది నియమం. ఏడాదికోసారి, ముగిసిన ఆర్థిక సంవత్సరపు బిల్లుల సగటు తీసి, ఉన్న డిపాజిట్ చాలకపోతే మిగతాది అడుగుతారు. ఈ ఇంటికి 2022-23 సగటు నెలకు 1,020 రూపాయలు. రెండింతలంటే 2,040. ఉన్న డిపాజిట్ 1,300. తేడా 740.

ఇది ఖర్చు కాదు, నిల్వ. దానిమీద ఏటా వడ్డీ లెక్కగట్టి బిల్లులోనే తగ్గిస్తారు. కనెక్షన్ వదులుకుంటే అసలు తిరిగి వస్తుంది. వాడకానికి కట్టే డబ్బుతో దీన్ని కలిపి చూస్తే బిల్లు ఎందుకు పెరిగిందో ఎప్పటికీ అర్థం కాదు. 971 నుంచి 2,226కు పెరిగిన 1,255లో 740, అంటే సగానికి పైగా, ఈ ఒక్క వరుసే. కూలరు ఆపేసి చీకట్లో కూర్చున్నా ఆ 740లో ఒక్క రూపాయి తగ్గేది కాదు.

తర్వాత పాత బాకీల వరుసలు. ఆ నెల బిల్లులో ఇవి మూడు ఉన్నాయి. ట్రూ అప్ 54.56, ఎఫ్‌పీపీసీఏ-1 కింద 62, ఎఫ్‌పీపీసీఏ-2 కింద 76. వీటి పేర్లు చూసి జనం భయపడతారు, కోప్పడతారు. రెండింటికీ కారణం ఉంది, ఎందుకంటే ఇవి ఏ నెలకు చెందినవో విడమరిచి చెప్పేవాళ్లు లేరు.

ట్రూ అప్ అంటే 2014 నుంచి 2019 వరకు పంపిణీ సంస్థలు పెట్టిన ఖర్చుకూ, అప్పుడు విద్యుత్ నియంత్రణ మండలి అనుమతించిన ఖర్చుకూ మధ్య తేడా. తిరుపతి ఉన్న దక్షిణ ప్రాంత సంస్థ పరిధిలో దాన్ని యూనిట్‌కు 22 పైసల చొప్పున 2022 ఆగస్టు నుంచి వసూలు చేస్తూ వచ్చారు. ఇది ఈ నెల యూనిట్ల మీద పడుతుంది. 248 యూనిట్లకు 54.56. సరిపోయింది.

ఎఫ్‌పీపీసీఏ అంటే ఇంధనం ధర, బయటి నుంచి కరెంటు కొన్న ధర అంచనా కంటే పెరిగినప్పుడు ఆ తేడాను రాబట్టుకునే సర్దుబాటు. ఇందులో రెండోది తేలిక. 2023 ఏప్రిల్ నుంచి ఈ సర్దుబాటును యూనిట్‌కు 40 పైసల వరకు నెలనెలా వేసుకునే వీలు కల్పించారు. ఏప్రిల్ వాడకానికి జూన్ బిల్లులో పడింది. ఆమె ఏప్రిల్‌లో వాడింది 190 యూనిట్లు, 40 పైసల చొప్పున 76. అందుకే పోయిన నెల బిల్లులో ఈ వరుస లేదు, ఈ నెల ఉంది. అప్పటి నుంచి నెలనెలా వచ్చేదే. ఇది కూడా చెప్పి తీరాలి, లేకపోతే వచ్చే నెల మళ్లీ అదే ప్రశ్న వస్తుంది.

మొదటిది అలా కాదు. ఎఫ్‌పీపీసీఏ-1 అనేది 2021-22 సంవత్సరపు తేడా. రెండేళ్ల కిందటి అదే నెలలో ఆ మీటరు మీద ఎన్ని యూనిట్లు కాలాయో చూసి, ఆ యూనిట్ల మీద వేశారు. ఏప్రిల్, మే, జూన్ నెలలకు రేటు 20 పైసలు. ఆమె బిల్లులో 62 రూపాయలు ఉంది. 62ను 20 పైసలతో భాగిస్తే 310 యూనిట్లు. 2021 జూన్‌లో ఆ ఇంట్లో 310 యూనిట్లు వాడారన్నమాట. అప్పటికి ఈమె ఆ ఇంటి గడప కూడా తొక్కలేదు. పాత అద్దెవాళ్లు వాడిన కరెంటుకు ఈమె కడుతోంది. వాళ్లకు ఏసీ ఉండేదని ఇంటి యజమాని తర్వాత చెప్పాడు. ఏసీడీ లెక్కకు వాడిన 2022-23 సగటులో కూడా ఎక్కువ నెలలు వాళ్లవే.

ఇది న్యాయమా అంటే, కాదనే నా అభిప్రాయం. బిల్లు మనిషిని అనుసరించదు, సర్వీసు నంబరును అనుసరిస్తుంది. సొంత ఇల్లున్నవాళ్లకు ఇందులో పెద్ద తేడా తెలియదు. అద్దె ఇళ్లు కిక్కిరిసిన తిరుపతి లాంటి ఊళ్లో, చదువుల కోసమూ ఉద్యోగాల కోసమూ జనం ఏడాదికో ఇల్లు మారే చోట, రెండేళ్ల కిందటి వాడకం మీద రుసుము వేయడం అంటే తప్పకుండా ఎవరిదో ఒకరి భారం ఇంకొకరి మీద పడుతుంది. నియంత్రణ మండలి అనుమతి ఉంది కాబట్టి చట్టప్రకారం సరైనదే. కానీ బిల్లు చదివి చెప్పేవాడు "అన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా, కట్టేయ్" అని ఊరుకుంటే, లెక్క సరిగ్గా ఉండడమూ, అది ఆమె లెక్క కావడమూ ఒకటేనని ఆమెను నమ్మించినట్టే.

ఇక ఈ నెల కరెంటు. మీటరు రీడింగు 14,614 నుంచి 14,862కు వచ్చింది, 248 యూనిట్లు. పోయిన నెల 190. అదనంగా 58. ఇక్కడ స్లాబులు చూడాలి. 2022 ఏప్రిల్ నుంచి గృహ వినియోగానికి ఉన్న రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాతి 45కు 3 రూపాయలు, ఆ తర్వాతి 50కి 4.50, తర్వాతి 100కు 6 రూపాయలు. అక్కడికి 225 యూనిట్లు, 1,017 రూపాయలు. మిగిలిన 23 యూనిట్లకు 8.75 చొప్పున 201.25. మొత్తం 1,218.25. బిల్లులో ఉన్నది అదే అంకె. పోయిన నెల 190 యూనిట్లకు ఇదే లెక్కన 807. తేడా 411 రూపాయలు.

"225 దాటితే మొత్తం యూనిట్లన్నిటికీ ఎనిమిది ముప్పావు పడుతుందట కదా" అని ఆమె తర్వాత అడిగింది. ఈ మాట చాలామంది నోట విన్నాను. అది తప్పు, కానీ గాలిలో పుట్టింది కాదు. 2022కు ముందు వాడకాన్ని బట్టి ఇళ్లను ఏ, బీ, సీ అని మూడు గ్రూపులు చేసేవారు. 225 దాటినవాళ్లు సీ గ్రూపులోకి వెళితే వాళ్ల మొదటి యూనిట్ నుంచే రేటు మారేది. ఆ గ్రూపులు తీసేశారు. ఇప్పుడు గీత దాటిన యూనిట్లకు మాత్రమే పై రేటు. ఆమె దాటింది 23 యూనిట్లు, పై రేటు పడింది ఆ 23కే.

మరి 58 యూనిట్లు ఎందుకు పెరిగాయి? ఇక్కడ చాలామంది చూడని చోటు ఒకటుంది, రీడింగు తీసిన తేదీలు. ఈ బిల్లు మే 5 నుంచి జూన్ 6 వరకు, 32 రోజులది. పోయినది 30 రోజులది. రోజుకు లెక్క వేస్తే అప్పుడు 6.3 యూనిట్లు, ఇప్పుడు 7.75. అంటే వాడకం నిజంగానే పెరిగింది, తిరుపతి మే నెల ఎండకు కూలరు రాత్రంతా తిరిగితే అది సహజం. కానీ 58లో దాదాపు 15 యూనిట్లు కేవలం రెండు రోజుల ఆలస్యం వల్ల వచ్చినవి. ఈ బిల్లులో ఆ 15 యూనిట్లూ 8.75 స్లాబులోనే పడ్డాయి. దాదాపు 135 రూపాయలు. తర్వాతి రీడింగు వేళకు తీస్తే వచ్చే బిల్లులో ఆ రెండు రోజులు ఉండవు, కాబట్టి యూనిట్లు కొంత తగ్గుతాయి. కానీ పై స్లాబులో పోయిన డబ్బు మొత్తం తిరిగి రాదు. రీడింగు ఆలస్యమైన రోజుల గురించి అడిగే హక్కు వినియోగదారుకు ఉంది. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేసి నమోదు చేయించమని చెప్పాను.

ఇక ఫోటో చెప్పలేనిది ఒకటుంది. ఆ 14,862 అనే రీడింగు నిజమో కాదో కాగితం చెప్పదు. మీటరు చెప్పాలి. అందుకే లెక్కలన్నీ అయ్యాక ఆమెను మీటరు దగ్గరకు వెళ్లి అప్పటి అంకె చూసి చెప్పమన్నాను. బిల్లు తీసి రెండు రోజులైంది. మీటరులో 14,879 ఉంది. రెండు రోజుల్లో 17 యూనిట్లు, రోజుకు ఎనిమిదిన్నర. బిల్లు చెబుతున్న 7.75కు దగ్గరగానే ఉంది. రీడింగు సరైనదే, మీటరు నడక కూడా ఇంటి వాడకానికి తగ్గట్టే ఉంది. మీటరులో అంకె బిల్లులోని అంకె కంటే తక్కువగా కనిపించి ఉంటే అది రీడింగు తప్పు, వెంటనే ఫిర్యాదు చేయాల్సిందే. "మీటరు పరుగెత్తుతోంది" అని ఊరకే అనేవాళ్లు ఈ చిన్న పని ఎందుకు చేయించరో నాకు అర్థం కాదు. మీటరు పరీక్షకు రుసుము కట్టించి, రోజుల తరబడి తిప్పే ముందు మెట్ల కిందికి వెళ్లి అంకె చూడడం ఎంతసేపు?

ఇంత లెక్క వేశాక ఆమెకు నేను ఇదంతా పంపలేదు. ఆమె అడిగింది "ఎందుకింత" అని. బడి నుంచి వచ్చి, వంట చేసుకుంటూ అడిగిన ప్రశ్న అది. నేను రాసి పంపింది ఇది.

"అమ్మా, పోయిన నెల కంటే 1,255 ఎక్కువ వచ్చింది. అందులో 740 ఇంటి డిపాజిట్, కరెంటు ఖర్చు కాదు, మీ యజమాని పేరు మీద జమ అవుతుంది. ఆయన్ని అడిగి అద్దెలో తగ్గించుకో. 411 ఈ నెల ఎక్కువ వాడినందుకు, రెండు రోజులు ఆలస్యంగా రీడింగు తీసినందుకు. 76 కొత్త సర్దుబాటు, ఇక నెలనెలా వస్తుంది. మిగిలిన 28 రూపాయలు చిల్లర తేడాలు. మీటరు సరిగ్గానే ఉంది. గడువులోగా మొత్తం కట్టేయ్, యజమానితో లెక్క తర్వాత చూసుకోవచ్చు. వచ్చే నెల ఇంతే వాడితే దాదాపు 1,500 వస్తుంది."

ఎఫ్‌పీపీసీఏ-1 గురించి అందులో లేదని చదివేవాళ్లు గమనించి ఉంటారు. ఆ వరుస పోయిన నెల కూడా 56 రూపాయలుగా ఉంది, పెరిగింది ఆరు రూపాయలే. "ఎందుకు పెరిగింది" అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. అందుకే దాన్ని వేరుగా, మర్నాడు ఫోను చేసి చెప్పాను. కనెక్షన్‌కు తీసుకున్న కాంట్రాక్టు లోడు, ఒకేసారి వాడిన గరిష్ఠ డిమాండు కూడా చూశాను. రెండు కిలోవాట్ల లోపే ఉంది కాబట్టి ఆ మాటే ఎత్తలేదు. బిల్లులో ఉన్న ప్రతి వరుసనూ వివరించడం జ్ఞానం అనిపించవచ్చు, అడిగినవాళ్లకు మాత్రం అది మరో బిల్లు చదవడమే. నా అభిప్రాయంలో చెప్పాల్సినవి మూడే. తేడా ఎక్కడి నుంచి వచ్చింది, వచ్చే నెల ఎంత వస్తుంది, ఇందులో నేను ఎవరి తరఫున కడుతున్నాను. మూడోది ఆమె అడగలేదు. అయినా అద్దెకున్న మనిషికి అది చెప్పకపోతే జవాబు సగమే.

"అడగని విషయం ఎందుకు, ఇంటి యజమానితో తగువు పెట్టించినట్టు అవుతుంది" అని మా ఆవిడ అంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఏసీడీ అంటే ఏమిటో తెలియనందువల్ల ఎన్ని వేలమంది అద్దెవాళ్లు యజమానుల పేరు మీద డిపాజిట్లు కట్టి, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయి ఉంటారో ఆలోచిస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు. రసీదు కూడా వాళ్ల దగ్గర ఉండదు. ఫోనులో కట్టి, ఆ సందేశం చెరిపేసి ఉంటారు. అందుకే ఆమెకు ఆ బిల్లు ఫోటోను, కట్టిన రుజువును పక్కపక్కనే దాచుకోమన్నాను. థర్మల్ కాగితం మీది అచ్చు కొన్ని నెలలకే వెలిసిపోతుంది. బిల్లుకు ఫోటోయే చివరికి మిగిలే సాక్ష్యం.

యజమాని మంచివాడే. 740 జూలై అద్దెలో తగ్గించుకోమన్నాడు. 62 దగ్గర మాత్రం పట్టుబట్టాడు. "ఆ కరెంటు నేనూ వాడలేదు కదా" అన్నాడట. వాడలేదు, నిజమే. కానీ కనెక్షన్ ఆయనది, ఆ ఇంటి మీద 2021లో అద్దె తీసుకున్నదీ ఆయనే. ఆ అద్దెవాళ్లను వెతికి వసూలు చేయగలిగేవారు ఎవరైనా ఉంటే అది ఆయనే, నిన్న మొన్న వచ్చిన టీచరమ్మ కాదు. ఆ ఏడాది మిగతా నెలల్లో ఈ వరుస రేటు ఇంకా పెరిగింది కాబట్టి వాదన అరవై రెండు రూపాయలతో ఆగేది కాదు. చివరకు చెరి సగం అన్నారు. అద్దె ఒప్పందంలో "డిపాజిట్, చేరిన తేదీకి ముందు వాడకం మీద వచ్చే ఛార్జీలు యజమానివి" అని ఒక్క వాక్యం ఉంటే ఈ బేరం అక్కర్లేదు. ఒప్పందం కొత్తగా రాసుకునే ఏప్రిల్‌లో ఆ వాక్యం చేర్పించుకోమని ఆమెకు చెప్పాను, చేర్పించుకుంది.